నాలుగో పోస్టు

కిరణ్ కుమార్‌కి అరటిపండు గురించి తెలిసిందల్లా తొక్క వలుచుకుని తినడం ఒక్కటే. అయినా అరటి మగ్గబెట్టే గదుల గురించి లోకానికి వివరించడానికి హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం దిగాడు. ఎక్స్‌లో థ్రెడ్లు రాయడం ఆయన వృత్తి. ధనవంతులు పొద్దున్నే ఏం తాగుతారో, తెలివైనవాళ్ళు ఎందుకు తక్కువ మాట్లాడతారో వరసగా పోస్టులు గుచ్చి, లక్షల మంది ఫాలోయర్లను పోగేశాడు. తను మాత్రం ఎక్కువే మాట్లాడేవాడు.

ఆయన్ని పిలిపించింది గణేష్‌బాబు. రావులపాలెం అరటి మార్కెట్టులో పేరున్న వ్యాపారి వెంకటసుబ్బారావు గారి అబ్బాయి. తండ్రి గెలలు అమ్మితే, కొడుకు దానవాయిపేటలో ఒక మోటారు పంపుల షాపు పైన ఆఫీసు తీసుకుని, గెలలు మగ్గే గదిలో పెట్టే ఒక పెట్టె తయారు చేయించాడు. దాని పేరు గెలమిత్ర. పెట్టె మంచిదే. గణేష్‌బాబు చేసిన పనుల్లో మంచిదని చెప్పుకోదగ్గది అదొక్కటే, దాన్ని కూడా తయారుచేసింది వేరేవాళ్ళు.

పచ్చి గెలల్ని చల్లటి గదిలో పేర్చి, కాస్త ఇథిలీన్ వాయువు వదిలి తలుపు మూస్తే కొద్ది రోజుల్లో అన్నీ సమంగా రంగు తిరుగుతాయి. కాయలు కూడా మనలాగే ఊపిరి తీస్తాయి, బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. మూసిన గదిలో అది పేరుకుపోతే కాయ సరిగ్గా పండదు. మనిషి లోపలికి వెళితే కళ్ళు తిరిగి పడిపోతాడు. అందుకని రోజూ వేళకి తలుపు బార్లా తీసి గాలి మార్చాలి. గెలమిత్ర పాత మోడల్, గదిలో వేడి, తేమ మాత్రమే ఫోనుకి చూపించేది. కొత్త మోడల్ గాలి చెడిందని కూడా మోగి చెబుతుంది.

ఈ సంగతి ఆఫీసులో వివరంగా తెలిసిన మనిషి హరిచందన. కొవ్వూరు నుంచి రోజూ బస్సులో బ్రిడ్జి దాటి వచ్చేది. పెట్టెతో పాటు ఇచ్చే కాగితాలు రాయడం, కొన్నవాళ్ళు ఫోన్ చేస్తే జవాబు చెప్పడం, కంపెనీ ఎక్స్ ఖాతా చూసుకోవడం ఆవిడ పని. ఆమెకి గణేష్‌బాబు మీద గౌరవం లేదు. కిరణ్ కుమార్‌ని చూశాక, గణేష్‌బాబు మీద కాస్త గౌరవం ఉండేదేమో అనిపించింది.

కొత్త మోడల్ గురించి థ్రెడ్ ఆమె అప్పటికే రాసి ఉంచింది. మొదటి పోస్టు ఇది:

"అరటి మగ్గబెట్టే గదిలో గాలి చెడితే కాయ సరిగ్గా పండదు, లోపలికి వెళ్ళిన మనిషికి ప్రమాదం. తలుపు తీసి గాలి ఎప్పుడు మార్చాలో ఫోనుకి చెప్పే చిన్న పెట్టె కొత్త గెలమిత్ర. అదేం చేస్తుందో, ఏం చేయలేదో ఈ కింద చెబుతున్నాం."

కిరణ్ కుమార్ చదివి, ముక్కు మీద ఈగ వాలినట్టు మొహం పెట్టాడు.

"ఇది గవర్నమెంటు ప్రకటనలా ఉంది మేడమ్. హుక్ ఏది? మొదటి పోస్టు చూసి మనిషి ఆగిపోవాలి. గుండె ఝల్లుమనాలి."

"దేనికి ఝల్లుమనాలండీ? ఇది థర్మామీటర్ లాంటి పెట్టె."

ఆయన లాప్‌టాప్ ముందుకు లాక్కుని తన మొదటి పోస్టు కొట్టాడు: "మీరు రోజూ తినే అరటిపండు వెనక ఉన్న నిజం ఎవరూ మీకు చెప్పరు. నేను చెబుతా." పక్కన ఒక దారపు ఉండ బొమ్మ, కిందకి చూపించే వేలు.

"చూశారా?" అన్నాడు.

చూసింది. అందులో గెలమిత్ర లేదు. గది లేదు. ఎవరికి ఏం అమ్ముతున్నారో లేదు. పైగా ఆ ముక్క చదివినవాడు అరటిపండులో విషమేదో ఉందనుకుని పండు తినడం మానేస్తాడు. అరటి వ్యాపారి కొడుకు డబ్బులిచ్చి మరీ రాయించుకుంటున్న పోస్టు అది. ఆ వ్యాపారి కొడుకు పక్కనే నిలబడి తలూపుతున్నాడు.

"బాగుందండీ. పంచ్ ఉంది," అన్నాడు గణేష్‌బాబు.

హరిచందన ఓపిగ్గా చెప్పడానికి ప్రయత్నించింది. "మొదటి పోస్టు ఒక్కటే చదివి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువండీ. సరుకేంటో, ఎవరికి పనికొస్తుందో దాంట్లోనే తెలియాలి. కింద పోస్టులు కూడా అంతే. మధ్యలో ఉన్న పోస్టు ఎవరికో నచ్చి పంచుకున్నారనుకోండి, అదొక్కటే వెళుతుంది. పైదీ కిందదీ దాని చెయ్యి పట్టుకుని వెళ్ళవు. స్క్రీన్‌షాట్ తీస్తే చెప్పక్కర్లేదు. అందుకని ఏ పోస్టుకి ఆ పోస్టే నిలబడాలి. 'ఇది', 'పైన చెప్పినట్టు' అని రాయకూడదు. పెట్టె పేరు, షరతు, జాగ్రత్త అన్నీ దేంట్లో దాంట్లోనే ఉండాలి."

"అన్నీ ఇరికిస్తే పోస్టు చేంతాడంత అవుతుంది మేడమ్."

"ఇరుకుగానే ఉంటుంది. మనది ఫ్రీ ఖాతా, రెండువందల ఎనభై దాటనివ్వదు. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ దేనికవే లెక్క. స్త్రీ అని రాస్తేనే ఆరు పోతాయి. అందుకే మాట మాటా ఏరుకుని రాశాను."

"అబ్బో," అన్నాడు కిరణ్ కుమార్ గణేష్‌బాబు వైపు తిరిగి నవ్వుతూ. "మేడమ్ గారు వ్యాకరణం క్లాసు తీసుకుంటున్నారు."

గణేష్‌బాబు కూడా నవ్వాడు. ఎవరు ఎక్కువ ఫీజు తీసుకుంటే వాళ్ళతో కలిసి నవ్వడం ఆయనకి అలవాటు.

అసలు పేచీ నాలుగో పోస్టు దగ్గర వచ్చింది. హరిచందన రాసింది ఇలా ఉంది: "కొత్త గెలమిత్ర ఉంటే వేడి చూడ్డానికి గది తలుపు తీయక్కర్లేదు, ఫోనులో కనిపిస్తుంది. గాలి మార్చడానికి మాత్రం తీయాల్సిందే. పెట్టె మోగితే తలుపు బార్లా తీసి, కాసేపు బయటే ఉండండి. పాత మోడల్ మోగదు. అది ఉన్నవాళ్ళు ఎప్పటిలాగే వేళకి తీయండి."

కిరణ్ కుమార్ దాన్ని మూడు ముక్కలు చేశాడు. నాలుగోది: "ఇక మగ్గబెట్టే గది తలుపు తీయాల్సిన పనే లేదు." పక్కన నిప్పు బొమ్మ. ఐదోది: "ఎందుకంటే వేడి మీ ఫోనులోనే కనిపిస్తుంది." ఆరోది: "కానీ ఒక్క విషయం గుర్తుంచుకోండి…" అంటూ గాలి సంగతి. పాత మోడల్ మాట పూర్తిగా ఎగిరిపోయింది. ఆయనకి పాత మోడల్ ఒకటుందని కూడా తెలియదు, అడగనూ లేదు.

"నాలుగోది ఒక్కటే చదివితే ఏమవుతుందండీ?" అని అడిగింది హరిచందన.

"ఏమవుతుంది? సస్పెన్స్. కిందకి వెళ్ళి చదువుతారు."

"వెళ్ళకపోతే?"

"మేడమ్, జనం మరీ అంత తెలివితక్కువవాళ్ళు కాదు."

పొద్దున్న ఇదే మనిషి, జనానికి చేపకున్నంత జ్ఞాపకశక్తి కూడా లేదు, అందుకే హుక్ కావాలి అన్నాడు. ఆయన దృష్టిలో జనం ఆయనకి అవసరమైనప్పుడు తెలివైనవాళ్ళు, అవసరమైనప్పుడు మూర్ఖులు.

"సార్," అంది గణేష్‌బాబుతో. "పాత మోడల్ వాడుతున్నవాళ్ళు రావులపాలెంలోనే ఉన్నారు. మీకు తెలుసు కదండీ."

"వాళ్ళెవరు ఎక్స్ చూస్తారు చందనా? ఇది ఇన్వెస్టర్ల కోసం. కిరణ్ గారికి అనుభవం ఉంది. వదిలెయ్."

వదిలేసింది. నిజానికి ఆ మాటతో ఆమెకి ఒక చల్లటి సంతోషం కలిగింది. మళ్ళీ అడగొచ్చు. పాత మోడల్ కొన్నవాళ్ళ పేర్లు తీసి ముందు పెట్టొచ్చు. వెంకటసుబ్బారావు గారికి ఫోన్ చేస్తే ఆయన ఒక్క కేకతో కొడుకుని దారికి తెచ్చేవాడు. అదేదీ చేయలేదు. పోనీ, అభాసుపాలు అవండి, అప్పుడు తెలుస్తుంది అనుకుంది. ఇంత తెలివితక్కువ మనుషులకి ఇంకోసారి వివరించడం తన స్థాయికి తగదనిపించింది. పోస్టులన్నీ ఒకదాని కింద ఒకటి అతికించి, 'అన్నీ పోస్ట్ చేయి' అన్న బటన్ తనే నొక్కింది.

మొదటి పోస్టు ఎక్కడా కదల్లేదు. ఎవరూ చెప్పని నిజాల్ని ఆ రోజు ఎక్స్‌లో చాలామంది చెబుతున్నారు. కదిలింది నాలుగోది. తిండి వీడియోలు పెట్టే ఒక పెద్ద పేజీ దాన్ని ఎత్తుకుని, "మన గోదావరి కుర్రాళ్ళ సత్తా" అని రాసింది. దాని కింద చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరూ మగ్గబెట్టే గది చూసినవాళ్ళు కాదు. మర్నాటికి పోస్టు చూసినవాళ్ళ లెక్క లక్షలు దాటింది. ఐదో పోస్టు దాకా వచ్చినవాళ్ళు అందులో పిడికెడు. ఆరో పోస్టుకి వచ్చినవాళ్ళలో కిరణ్ కుమార్ వాళ్ళావిడ ఒకరు, లైక్ కొట్టింది.

కిరణ్ కుమార్ ఆఫీసులో తాపేశ్వరం కాజాలు పంచాడు. గణేష్‌బాబు తన కుర్చీలో వెనక్కి వాలి, ఎవరో బెంగళూరు ఇన్వెస్టర్ పోస్టుని లైక్ చేశాడని అందరికీ ఫోన్ తిప్పి చూపించాడు. "ఏం చందనా, ఇప్పుడేమంటావ్?" అన్నాడు. ఆమె కాజా తీసుకుని తినకుండా బల్ల మీద పెట్టింది.

ఎక్స్‌లో వ్యాపారులు లేరన్న మాట నిజమే. కానీ నాలుగో పోస్టు ఎక్స్‌లో కూర్చోలేదు. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. అది రావులపాలెం వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో పడింది. పైన గెలమిత్ర కంపెనీ పేరు, బొమ్మ. కింద ఒక్క వాక్యం. కంపెనీవాళ్ళే చెబుతున్నారు, తలుపు తీయాల్సిన పనే లేదని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. హరిచందన ఎత్తింది.

"గెలమిత్ర ఆఫీసేనామ్మా? నేను రావులపాలెం నుంచి బుజ్జమ్మనండి. మార్కెట్టు వెనకాల గదులు మావే."

హరిచందనకి గుర్తొచ్చింది. పాత మోడల్ కొన్న మొదటివాళ్ళలో ఆవిడ ఒకరు. భర్త పోయాక వ్యాపారం తనే చూసుకుంటోంది. గదుల పని ఆవిడ మరిది పాపాయి చూస్తాడు.

"చెప్పండి బుజ్జమ్మ గారూ."

"తలుపు తీయొద్దని మీరేనా పెట్టింది?"

హరిచందన కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మీ ముక్క చూసి మా మరిది రెండు రోజులు గది తీయలేదు. ఇవాళ కాయ చూద్దామని తీసి, తీసినోడు తీసినట్టే లోపలికి వెళ్ళాడు. నాలుగు అడుగులేసి కూలిపోయాడు. గుమ్మంలో ఉన్న కూలీలు ఊపిరి బిగబట్టి కాళ్ళు పట్టుకుని బయటికి లాగారు కాబట్టి సరిపోయింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు. కాయంటారా, పైన పచ్చగా లోపల మెత్తగా పనికిరాకుండా పోయింది. అది పోనీండి. మనిషి పోతేనో?"

"నేను… అది నేను రాసింది కాదండీ," అంది హరిచందన. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే వెగటు పుట్టింది. "కాదు. పెట్టింది నేనేనండి. నేనే నొక్కాను."



"మరి నొక్కే ముందు చదవలేదా తల్లీ?"

చదివింది. ఆ ఆఫీసులో చదివింది ఆమె ఒక్కతే. అదే చెప్పుకోలేక, "ఇప్పుడే వస్తున్నానండీ" అని ఫోన్ పెట్టేసింది. కానీ వెళ్ళే ముందు ఇంకో పని ఉంది. గదులు ఇంకా ఎన్ని మూసి ఉన్నాయో ఎవరికీ తెలియదు.

గణేష్‌బాబు విషయం విన్నాక మొదట అడిగింది, "ఆవిడ కేసు పెడతానందా?" అని. పాపాయి ఎలా ఉన్నాడని అడగడం ఆ తర్వాత గుర్తొచ్చింది.

కిరణ్ కుమార్ మాత్రం కంగారుపడలేదు. "డిలీట్ మాత్రం చేయొద్దు. ఇంత రీచ్ మళ్ళీ రాదు. దాని కింద ఒక రిప్లై పెడదాం: పూర్తి థ్రెడ్ చదవగలరు అని."

"పాపాయి చూసింది స్క్రీన్‌షాట్ అండీ," అంది హరిచందన. "స్క్రీన్‌షాట్‌కి కింద రిప్లైలు ఉండవు."

"థ్రెడ్ చదవకపోవడం వాళ్ళ తప్పు. ఆరో పోస్టులో క్లియర్‌గా రాశాం."

"ఆక్సిజన్ పెట్టుకున్న మనిషికి ఆరో పోస్టు చూపిద్దామా?"

కిరణ్ కుమార్ ఫోనులోకి చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి దిద్దుబాటు రాసింది. తప్పు పోస్టులోని మాటలు యథాతథంగా అందులో ఉండాలి, లేకపోతే స్క్రీన్‌షాట్ చూసినవాడికి ఇది దాని గురించేనని తెలియదు. మొదటి పోస్టు ఒక్కటే చూసినా మనిషి బతకాలి. అలా రాసింది:

"'మగ్గబెట్టే గది తలుపు తీయాల్సిన పనే లేదు' అని గెలమిత్ర కంపెనీ పెట్టిన పోస్టు తప్పు. రోజూ వేళకి తీసి గాలి మార్చాలి, పెట్టె ఉన్నా లేకపోయినా. మూసి ఉంచిన గది తలుపు బార్లా తీయండి, గాలి మారేదాకా లోపలికి వెళ్ళకండి."

రెండోది పాత మోడల్ గురించి: "గెలమిత్ర పాత మోడల్ వేడి, తేమ మాత్రమే చూపిస్తుంది. గదిలో గాలి చెడితే మోగదు. అది మోగలేదని లోపలికి వెళ్ళకండి." మూడోది కొత్త మోడల్ గురించి. నాలుగోది, లోపల ఎవరైనా పడిపోతే వెంటనే తలుపులన్నీ తీసి 108కి ఫోన్ చేయమని, కాపాడాలని వెంటనే లోపలికి పరుగెత్తవద్దని. దేనికదే. ఏ ఒక్కటి ఎవరి చేతికి చిక్కినా అపాయం జరగదు.

గణేష్‌బాబు చదివి పెదవి విరిచాడు. "తప్పు అనే మాట ఎందుకు? కొందరు అపార్థం చేసుకున్నారు అని పెట్టు. ఇన్వెస్టర్లు చూస్తారు."

"అపార్థం అంటే ఇంకో అర్థం ఉండాలి కదండీ. 'తీయాల్సిన పనే లేదు' అన్నదానికి ఇంకో అర్థం ఏముందో మీరు చెప్పండి, అది రాస్తాను."

గణేష్‌బాబు ఇంకో పది నిమిషాలు నసిగేవాడే. ఈలోగా ఆయన ఫోన్ మోగింది, వెంకటసుబ్బారావు గారు. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేంత గట్టిగా మాట్లాడాడు పెద్దాయన. మార్కెట్టులో తను తలెత్తుకోలేకుండా ఉన్నానని, బుజ్జమ్మ గారి ముందు ఏ మొహంతో నిలబడాలని, నీ పెట్టె తెచ్చి నా గుమ్మంలో పెట్టకని. గణేష్‌బాబు "అలాగే నాన్నగారూ, అలాగే" అంటూ చెమట తుడుచుకున్నాడు. ఫోన్ పెట్టాక, "తప్పు అనే పెట్టు" అన్నాడు నీరసంగా. పశ్చాత్తాపం వల్ల కాదు. నాన్నంటే భయం. హరిచందనకి ఆ తేడా పట్టించుకునే తీరిక లేదు.

దిద్దుబాటు పెట్టి, ఖాతా పైభాగాన పిన్ చేసింది. నాలుగో పోస్టు తీసేసింది. దాని చోట, ఈ పోస్టు తొలగించారు అన్న బూడిదరంగు పట్టీ మిగిలింది. కింద ఐదో పోస్టు మొండెంలా వేలాడుతోంది: "ఎందుకంటే వేడి మీ ఫోనులోనే కనిపిస్తుంది." ఎందుకంటే దేనికో ఎవరికీ తెలియదు. ఆ మిగిలినవాటిని కూడా ఒక్కొక్కటే తీసేసింది. కిరణ్ కుమార్ తన పిల్లల్ని చంపుతున్నట్టు చూశాడు.

ఎక్స్‌లో దిద్దుబాటుని ఎవరూ ఎత్తుకోలేదు. తిండి వీడియోల పేజీకి రాస్తే జవాబు లేదు. లక్షల మంది చప్పట్లు కొట్టిన చోట తప్పు ఒప్పుకుంటే వినడానికి ఎవరూ లేరు. ఆమె ఆ పోస్టుల్ని బొమ్మలుగా తీసి వెంకటసుబ్బారావు గారికి పంపింది. ఆయన ఒక్కొక్కటీ వ్యాపారుల గ్రూపులో వేశాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు గదుల వాళ్ళు ఆయనకి ఫోన్ చేశారు. వాళ్ళూ మూసే ఉంచారట. ఇప్పుడు తీశారట.

హరిచందన రావులపాలెం వెళ్ళేసరికి పాపాయి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. తల ఇంకా దిమ్ముగా ఉందన్నాడు. బుజ్జమ్మ ఫోనులో దిద్దుబాటు మొత్తం చదివి, కళ్ళద్దాల మీద నుంచి ఆమెని చూసింది.

"శుభ్రంగా రాశావు. చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఇదే ముందు రాసుంటే ఏం పోయేది?"

"ముందు ఇలాగే రాశానండి. వాళ్ళు మార్చారు. చెప్పాను, వినలేదు."

"ఎన్నిసార్లు చెప్పావు?"

హరిచందన తల దించుకుంది. "ఒకసారి. ఆ తర్వాత… వాళ్ళకే తెలిసొస్తుందిలే అని ఊరుకున్నానండి."

"వాళ్ళకేం తెలిసొచ్చింది?" అంది బుజ్జమ్మ. "తెలిసొచ్చింది మా పాపాయికి."

కోపంగా అనలేదు. ఆ ఇద్దరు మగవాళ్ళ మీద హరిచందన ఇన్నాళ్ళూ పెంచుకున్న చిన్నచూపులో సగం ఆ ఒక్క మాటతో తన వైపు తిరిగింది. మిగతా సగం తగ్గలేదు. తగ్గాల్సిన అవసరమూ కనపడలేదు. తర్వాతి వారం కిరణ్ కుమార్ తన సొంత ఖాతాలో కొత్త థ్రెడ్ పెట్టాడు. మొదటి పోస్టు: "ఎవరికీ తెలియని ఒక చిన్న ఊరి కంపెనీని ఒకే ఒక్క వాక్యంతో లక్షల మందికి చేర్చాను. ఎలాగో చెబుతా." దారపు ఉండ, వేలు. రెండో పోస్టులో నాలుగో పోస్టు స్క్రీన్‌షాట్, నిప్పు బొమ్మతో సహా.

హరిచందన అది బస్సులో చూసింది. తన ఖాతాకి ఉన్నది కొద్దిమంది ఫాలోయర్లు, అందులో సగం చుట్టాలు. ఆ రెండో పోస్టుని కోట్ చేసి రాసింది: "ఈ చిత్రంలోని మాట తప్పు. మగ్గబెట్టే గది తలుపు రోజూ తీసి గాలి మార్చాలి. ఈ మాట నమ్మి తలుపు మూసి ఉంచిన గదిలో రావులపాలెంలో ఒకాయన స్పృహ తప్పి పడిపోయారు. ఇది పెట్టిన కంపెనీలో నేను పనిచేస్తున్నాను. బటన్ నొక్కింది నేనే."

బస్సు బ్రిడ్జి దాటకముందే కిరణ్ కుమార్ ఆమెని బ్లాక్ చేశాడు. ఆ రోజే గణేష్‌బాబు ఆఫీసులో ఆ పోస్టు చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కంపెనీ పరువు తీశావంటూ కేకలేశాడు. ఆమె అంతా విన్నాక, కంపెనీ ఖాతాలో ఇక మీదట ఏ పోస్టయినా తను సరేనంటేనే వెళ్ళాలని, లేకపోతే ఆ ఖాతా ఆయన్నే చూసుకోమని చెప్పింది. ఆయన మర్నాడు చెబుతానన్నాడు. మర్నాడు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. కానీ ఆ ఆఫీసులో రాయడం వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. పోస్టులు ఆమె దగ్గరికే వచ్చేవి, ఆమె సరేనన్నవే వెళ్ళేవి.

బుజ్జమ్మ కొత్త మోడల్ కొనలేదు. ఆ పెట్టె పేరెత్తితేనే చెయ్యి ఊపేసేది. దిద్దుబాటులో మొదటి బొమ్మ మాత్రం పెద్దగా ప్రింటు తీయించి, గదుల తలుపుల మీద అంటించింది. పొద్దున్నే పాపాయి వచ్చి తలుపులు బార్లా తీసి, గుమ్మానికి దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని, గాలి మారేదాకా టీ తాగుతాడు.